ప్రాజెక్టులు పబ్లిక్‌గా పెడుతున్నా లైకులే వస్తున్నాయి, రిఫరల్ మాత్రం రావట్లేదు

నీలిమేఘం
అందరికీ నమస్కారం. అమెరికాలో మాస్టర్స్ అయిపోయింది, చదువయ్యాక పని చేసుకోనిచ్చే ఓపీటీ మొదలైంది. బ్యాకెండ్ ఉద్యోగాల కోసం చూస్తున్నాను. ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే కాబట్టి టెన్షన్ ఉంది. అప్లై చేసి కూర్చుంటే లాభం లేదు, రిఫరల్ కావాలి, దానికి "పర్సనల్ బ్రాండింగ్" చేసుకో అని అందరూ అంటే మొదలుపెట్టాను. గిట్‌హబ్‌లో ఈ-కామర్స్ క్లోన్, చాట్ యాప్, యూఆర్ఎల్ షార్ట్‌నర్ ఉన్నాయి. వారానికోసారి లింక్డ్‌ఇన్‌లో "ఈ వారం నేను నేర్చుకున్నది" అని పోస్టు పెడుతున్నాను. లైకులు వస్తాయి, "కంగ్రాట్స్" అని కామెంట్లు కూడా వస్తాయి. కానీ తెలియని ఇంజనీర్లకు రిఫరల్ అడుగుతూ మెసేజ్ పెడితే చూసి వదిలేస్తున్నారు. ఎక్కడ తేడా కొడుతోందో చెప్పగలరా?

రోజుకోపోస్టు
బ్రో, వారానికోసారి చాలదు. రోజూ పెట్టాలి. పేరు పదే పదే కనపడితేనే గుర్తుంటుంది. నీకు కావాల్సిన కంపెనీల మేనేజర్లను ప్రతి పోస్టులో ట్యాగ్ చెయ్యి, వాళ్ల పోస్టుల కింద కామెంట్లు పెట్టు. ప్రొఫైల్ ఫోటో మీద ఆ పచ్చ రంగు "ఓపెన్ టు వర్క్" పట్టీ కూడా పెట్టు. నేను అలాగే చేస్తున్నా, ప్రొఫైల్ వ్యూస్ బాగా పెరిగాయి.

గోరువంక
మంచి పని చేస్తున్నారండి. బ్రాండింగ్ అంటే ముందు మీ పేరుతో ఒక డొమైన్ తీసుకోండి. ఒకే రంగులు, ఒకే ఫాంటు అన్ని చోట్లా ఉండాలి. నేను గ్రాఫిక్ డిజైన్ వైపు ఉన్నాను, పోర్ట్‌ఫోలియో టెంప్లేట్లు కొన్ని పంపగలను. ఏ రంగులు ఇష్టమో చెప్పండి.

నీలిమేఘం
థాంక్స్ అండి, కానీ నా సమస్య సైటు ఎలా కనపడుతుందన్నది కాదు. సైటు చూసిన వాళ్లు కూడా రిఫర్ చేయడం లేదు, అదీ సంగతి.

పాతకాపు
నేను బ్యాకెండ్ టీముల్లో చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను. ఇంటర్వ్యూలు తీసుకుంటాను, రిఫర్ చేస్తుంటాను కూడా. రిఫర్ చేసేవాడి స్క్రీన్ మీద ఏముంటుందో చెప్తాను. అది తెలిస్తే నీ మెసేజీలకు జవాబు ఎందుకు రావట్లేదో అర్థమవుతుంది.

చాలా కంపెనీల్లో రిఫరల్ ఫారంలో పేరు, రెజ్యూమె, ఉద్యోగం నంబరుతో పాటు రెండు ప్రశ్నలు ఉంటాయి. ఈ వ్యక్తి నీకు ఎలా తెలుసు? ఈ ఉద్యోగానికి ఎందుకు సరిపోతాడు? "తెలియదు, లింక్డ్‌ఇన్‌లో మెసేజ్ పెట్టాడు" అని కూడా రాయొచ్చు, కొన్ని చోట్ల దానికి ప్రత్యేకంగా ఒక ఆప్షనే ఉంటుంది. కానీ అలాంటి రిఫరల్‌ని రిక్రూటర్ మామూలు అప్లికేషన్ లాగే చూస్తాడు. రిఫర్ చేసినవాడి మాటకు విలువ తగ్గుతుంది. అందుకే జనం ముందుకు రారు.

అంటే పబ్లిక్‌గా రాయడంలో అసలు లక్ష్యం నీ పేరు గుర్తుండటం కాదు. ఆ రెండో గడిలో రాయడానికి అవతలి మనిషికి ఒక నిజమైన వాక్యం దొరకాలి. ఈ-కామర్స్ క్లోన్ చూసి ఏ వాక్యం రాస్తాడు? "క్లోన్ కట్టాడు" అని రాయలేడు కదా.

ఇంకో సంగతి. నీ పోస్టులకు లైకులు కొట్టేది ఎవరు? ఒకసారి చూసి చెప్పు. ఇంకొకటి కూడా చెప్పు. ఇప్పటిదాకా చేసిన వాటిలో ఏ పని నిన్ను నిజంగా ఏడిపించింది? పోస్టు పెట్టినా పెట్టకపోయినా సరే.

నీలిమేఘం
లైకులు చూశానన్నా. దాదాపు అందరూ నా క్లాసువాళ్లే, వాళ్లూ ఉద్యోగం కోసం చూస్తున్నవాళ్లే.

ఏడిపించిన పని ఒకటుంది. యూనివర్సిటీలో ఒక స్టూడెంట్ క్లబ్ కోసం ఈమెయిళ్లు పంపే సిస్టం కట్టాను. వేరే క్యూ సాఫ్ట్‌వేర్ పెట్టకుండా పోస్ట్‌గ్రెస్ టేబుల్‌నే క్యూగా వాడాను. పగలంతా బాగానే నడిచేది. రాత్రి రిపోర్టు స్క్రిప్టు మొదలయ్యాక కాసేపటికి క్యూ నత్తనడక నడిచేది. ఒక్కో పని తీసుకోవడానికి మిల్లీసెకన్లు పట్టేది కాస్తా సెకన్లు పట్టేది. ఇండెక్సులు మార్చాను, వర్కర్లు పెంచాను, ఇంకా ఎక్కువైంది. చివరికి కారణం దొరికింది కానీ దాని గురించి ఎక్కడా రాయలేదు. చిన్న ప్రాజెక్టు కదా, ఎవరికి ఆసక్తి ఉంటుందిలే అనిపించింది.

పాతకాపు
నీ రిఫరల్ అందులోనే ఉంది. పోస్ట్‌గ్రెస్‌ని క్యూగా వాడేవాళ్లు తక్కువేం కాదు. ఓబన్, రివర్, పీజీ-బాస్, గ్రాఫైల్ వర్కర్ లాంటి లైబ్రరీలన్నీ ఆ పని కోసమే ఉన్నాయి. వాటిని వాడే ప్రతి కంపెనీలోనూ నువ్వు చెప్పిన రాత్రి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. చాట్ యాప్ గురించి చదవడానికి వాళ్లకు టైం లేదు, దీని గురించి మాత్రం వెతుక్కుంటూ వస్తారు. కారణం ఏం దొరికిందో ఇక్కడ రాయి, చూద్దాం.

నీలిమేఘం
వర్కర్లు పనిని ఇలా తీసుకుంటాయి:

```sql
UPDATE jobs SET status = 'running'
WHERE id = (
  SELECT id FROM jobs
  WHERE status = 'queued'
  ORDER BY id
  LIMIT 1
  FOR UPDATE SKIP LOCKED
)
RETURNING id;
```

ఒక వర్కర్ పట్టుకున్న వరుసను ఇంకో వర్కర్ దాటేసి ముందుకు పోతుంది, కాబట్టి గొడవ ఉండదు. కానీ పోస్ట్‌గ్రెస్‌లో అప్‌డేట్ చేసిన ప్రతిసారీ వరుస పాత కాపీ టేబుల్‌లోనే ఉండిపోతుంది. వాక్యూం వచ్చి వాటిని ఊడవాలి. రాత్రి రిపోర్టు ఒకే ట్రాన్సాక్షన్‌లో చాలాసేపు నడుస్తుంది. అది మొదలయ్యాక చచ్చిన వరుసలు దానికి ఇంకా కనపడే అవకాశం ఉంది కాబట్టి వాక్యూం వాటిని తీయలేదు. క్యూ ముందుభాగమంతా చచ్చిన వరుసలతో నిండిపోతుంది, ప్రతి వర్కర్ వాటన్నిటినీ దాటుకుంటూ పోవాలి. `pg_stat_user_tables`లో `n_dead_tup` చూస్తే రాత్రంతా పెరుగుతూనే ఉంది. రిపోర్టు ఆగిపోగానే, తర్వాతి వాక్యూం తిరిగాక అంతా మామూలైపోయింది.

రోజుకోపోస్టు
ఇది బాగుంది బ్రో. దీన్ని పది ముక్కలు చేసి పది రోజులు పెట్టొచ్చు.

తెరచాప
ముక్కలు చేయకండి. ఇలాంటిది వెతుక్కుంటూ వచ్చేవాళ్లకు మొత్తం ఒకే చోట కావాలి. నేను సైట్ రిలయబిలిటీ వైపు పని చేస్తాను, ఇలాంటి రాతలు చదివి ముగ్గురు నలుగురిని మా టీముకు తెచ్చుకున్నాం. మేం వేటి దగ్గర ఆగి చదువుతామో చెప్తాను.

శీర్షికలో లక్షణం ఉండాలి. "పోస్ట్‌గ్రెస్ క్యూలో నేను నేర్చుకున్న పాఠాలు" అంటే ఎవరూ వెతకరు. "రాత్రి రిపోర్టు నడుస్తుంటే పోస్ట్‌గ్రెస్ క్యూ ఎందుకు నెమ్మదిస్తుంది" అంటే సరిగ్గా ఆ బాధలో ఉన్నవాడు వెతికే మాటలవి. ఇంగ్లీషులోనే రాస్తావు కదా, అక్కడా ఇదే పద్ధతి.

తర్వాత, చదివినవాడు తన మెషిన్ మీద అదే సమస్య తెప్పించుకోగలగాలి. డాకర్‌లో పోస్ట్‌గ్రెస్ లేపి, లక్ష పనులు వేసి, నాలుగు వర్కర్లు నడిపి, పక్కన ఒక పొడుగు ట్రాన్సాక్షన్ తెరిచి ఉంచే చిన్న స్క్రిప్టు రాయి. రెపోలో README తెరవగానే ఒక్క కమాండుతో అది నడవాలి. పోస్ట్‌గ్రెస్ వెర్షన్ రాయి, మెషిన్ ఎలాంటిదో రాయి. అంకెలున్నా స్క్రిప్టు లేకపోతే నేను నమ్మను, అలవాటు అలాంటిది.

మూడోది చాలామంది వదిలేస్తారు. నువ్వు ప్రయత్నించి పనిచేయనివి కూడా రాయి. వర్కర్లు పెంచితే ఎందుకు ఎక్కువైందో నువ్వు వివరించగలిగితే, నీతో పని చేస్తే ఎలా ఉంటుందో నాకు అక్కడే తెలిసిపోతుంది.

నీలిమేఘం
అక్కా, మరి మిగతా రెపోలన్నీ తీసేయాలా?

తెరచాప
తీసేయక్కర్లేదు. గిట్‌హబ్ ప్రొఫైల్ మీద ఆరు దాకా పిన్ చేయొచ్చు, ఆరూ నింపాలని రూలేం లేదు. ఇదొకటి, చూపించదగ్గది ఇంకొకటి ఉంటే అది, రెండు చాలు. క్లోన్లు కింద పడి ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు.

ఒక జాగ్రత్త. రెపో పబ్లిక్ చేసే ముందు పాత కమిట్లన్నీ చూసుకో. ఈమెయిల్ సర్వీసు కీ ఎప్పుడైనా ఫైల్లో పెట్టి తర్వాత తీసేసి ఉంటే అది హిస్టరీలో ఇంకా ఉంటుంది. కీ రద్దు చేసి కొత్తది తీసుకోవాలి, ఫైల్ చెరిపేస్తే సరిపోదు. క్లబ్ సభ్యుల ఈమెయిళ్లు టెస్ట్ డేటాలో ఉంటే, ఆ రెపోని అలాగే వదిలేసి కొత్త రెపోలో ఉత్తుత్తి డేటాతో మళ్లీ కట్టు.

సోల్డర్‌పొగ
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నేను జర్మనీలో ఎంబెడెడ్ ఇంజనీర్‌ని, ఉద్యోగం మారాలని చూస్తున్నాను. మీరంతా పబ్లిక్‌గా పెట్టమంటున్నారు, నేను చేసే పనంతా గోప్యతా ఒప్పందం కింద ఉంది. సర్క్యూట్ బొమ్మ కూడా బయట పెట్టలేను. మాలాంటి వాళ్లకు ఈ దారి మూసుకుపోయినట్టేనా?

పాతకాపు
కంపెనీ కోడ్, బోర్డు, కస్టమర్ పేరు, ఆఖరికి "మా ప్రాడక్ట్‌లో ఈ లోపం వచ్చింది" అన్న మాట కూడా బయటికి రాకూడదు. పేర్లు మార్చి రాస్తే సరిపోతుందనుకోవద్దు, అదే రంగంలో ఉన్నవాడు ఇట్టే పోల్చుకుంటాడు. ఒప్పందం ఒకసారి మళ్లీ చదవండి. ఖాళీ సమయంలో చేసినవి కూడా కంపెనీవే అనే క్లాజు కొన్నిటిలో ఉంటుంది. అది ఉంటే ముందే రాతపూర్వకంగా అనుమతి అడగండి.

కానీ సమస్య ఏ రకానిదన్నది ఏ కంపెనీ సొత్తూ కాదు. ఉదాహరణకు ఐ-స్క్వేర్డ్-సీ బస్సు పట్టేయడం మీకు తెలిసే ఉంటుంది. మాస్టర్ మధ్యలో రీసెట్ అయితే స్లేవ్ డేటా తీగను కిందికి పట్టుకుని కూర్చుంటుంది, క్లాక్ మీద తొమ్మిది పల్సుల దాకా ఇస్తే వదులుతుంది. మార్కెట్లో దొరికే ఒక డెవలప్‌మెంట్ బోర్డు, ఒక సెన్సర్ కొని, కావాలనే ఆ స్థితి తెప్పించి, లాజిక్ ఎనలైజర్ బొమ్మలతో రాయండి. మీ సొంత బోర్డు, మీ సొంత కోడ్. దాన్నెవరూ ప్రశ్నించలేరు.

సోల్డర్‌పొగ
బస్సు పట్టేయడం మీద ఇప్పటికే చాలామంది రాశారు కదా?

పాతకాపు
రాశారు. మీరు ఒకే సెన్సర్‌ని తీసుకుని, తొమ్మిది పల్సులిచ్చినా వదలని సందర్భం దొరికితే అది రాయండి. దొరకకపోతే వేరే సమస్య తీసుకోండి. అందరూ రాసినదే మళ్లీ రాస్తే రిఫరల్ రాదన్న మాట మాత్రం నిజం.

నీలిమేఘం
రాసేశాను. నా బ్లాగులో పెట్టాను, లింక్డ్‌ఇన్‌లో నాలుగు వాక్యాలు రాసి లింకు ఇచ్చాను. ఈసారి లైకులు ముందుకన్నా తక్కువ వచ్చాయి 🙁

రోజుకోపోస్టు
చెప్పా కదా, ట్యాగులు లేవు మరి.

తెరచాప
తక్కువ రావడం మామూలే, నీ క్లాసువాళ్లకు ఇది అవసరం లేని విషయం. దీన్ని అవసరమున్న చోటికి తీసుకెళ్లాలి. పైన చెప్పిన లైబ్రరీల గిట్‌హబ్ ఇష్యూల్లో "క్యూ నెమ్మదిస్తోంది" అని రాసినవాళ్లను వెతుకు. అక్కడ లింకు పడేసి వెళ్లిపోవద్దు, అది స్పామ్ అవుతుంది. వాళ్ల సమస్య నీదేనో కాదో తేల్చే ఒక క్వెరీ ఇవ్వు. ఇలాంటిది:

```sql
SELECT pid, state, xact_start, backend_xmin
FROM pg_stat_activity
WHERE backend_xmin IS NOT NULL
ORDER BY age(backend_xmin) DESC;
```

పైన వచ్చిన కనెక్షన్ గంటల తరబడి తెరిచి ఉంటే, దొంగ అదే కావొచ్చని రాయి. వాళ్లు నడిపి చూసి తిరిగి చెప్తే అప్పుడు నీ రాత లింకు ఇవ్వు. ఇలా ఇద్దరికి ఉపయోగపడితే చాలు.

ట్యాగుల విషయం కూడా చెప్పేస్తాను. మేనేజర్లను ట్యాగ్ చేయడం నాకు నచ్చదు. నన్నెవరైనా సంబంధం లేని పోస్టులో ట్యాగ్ చేస్తే ఆ నోటిఫికేషన్ ఆపేస్తాను. కానీ రోజుకోపోస్టు గారు చెప్పిన దాంట్లో ఒకటి సరైనదే. ఇతరుల పోస్టుల కింద విషయమున్న కామెంటు పెడితే, ఒక్కోసారి సొంత పోస్టు కన్నా బాగా పని చేస్తుంది.

చదువరి2
దీనికి ఒక పరిశోధన ఆధారం ఉంది. 1973లో మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఉద్యోగాల కబుర్లు దగ్గరి స్నేహితుల కన్నా పరిచయస్తుల నుంచే ఎక్కువగా వస్తాయని రాశాడు. దగ్గరివాళ్లకు తెలిసిన కబురు మనకూ తెలిసే ఉంటుంది కాబట్టి. అందుకని క్లాసువాళ్లను పక్కన పెట్టి వీలైనంతమంది అపరిచితులకు కనెక్షన్ రిక్వెస్టులు పంపడమే మంచిది.

పాతకాపు
మొదటి సగం ఒప్పుకుంటాను, రెండో సగం కాదు. 2022లో లింక్డ్‌ఇన్ డేటా మీద చేసిన పెద్ద ప్రయోగంలో, ఉద్యోగం మారడానికి బాగా పనికొచ్చినవి మరీ పలచని పరిచయాలు కావు, ఓ మోస్తరు పలచనివి అని తేలింది. ముక్కూముఖం తెలియని వెయ్యి కనెక్షన్లు ఆ కోవలోకి రావు. ఒకసారి ఏదో సమస్య మీద మాట్లాడుకున్న మనిషి వస్తాడు. క్లాసువాళ్లను పక్కన పెట్టడం కూడా తప్పే. వాళ్లు ఇంకో ఏడాదికి ఉద్యోగాల్లో ఉంటారు, నీ పని దగ్గర నుంచి చూసినవాళ్లు వాళ్లే.

నీలిమేఘం
అన్నా, అక్కా, ఒక మంచి విషయం. రెండు ఇష్యూల్లో రాశాను. ఒకదానికి జవాబు రాలేదు. రెండో దాంట్లో ఒకాయన క్వెరీ నడిపి చూసి, తర్వాత నా బ్లాగు చదివి కామెంటు పెట్టారు. మామూలు రీడ్ కమిటెడ్‌లో ఒక సెలెక్ట్ అయిపోయాక ఊరికే తెరిచి ఉన్న ట్రాన్సాక్షన్ వాక్యూంని ఆపదు కదా, మీ రిపోర్టు ఏ ఐసొలేషన్‌లో నడుస్తోంది అని అడిగారు. చూస్తే రిపోర్టు రిపీటబుల్ రీడ్‌లో ఉంది. అన్ని టేబుళ్ల లెక్కలూ ఒకే క్షణానివి కావాలని అలా పెట్టాం. రెండు రకాలుగానూ స్క్రిప్టు నడిపి, రీడ్ కమిటెడ్‌లో సమస్య రావట్లేదని తేల్చుకుని, రాతలో ఆ భాగం చేర్చాను. ఆయన పేరు చెప్పి కృతజ్ఞతలు రాశాను. ఆయన పని చేసే కంపెనీలో బ్యాకెండ్ ఉద్యోగం ఖాళీ ఉంది. ఇప్పుడే అడగొచ్చా, ఇంకా ఆగాలా?

తెరచాప
రీడ్ కమిటెడ్ అయినా ఆ ట్రాన్సాక్షన్ ఏదైనా రాసి ఉంటే, లేదా కర్సర్ తెరిచి ఉంచితే సమస్య వస్తుంది. అది కూడా ఒక వాక్యంలో చేర్చు, లేకపోతే చదివినవాళ్లు రీడ్ కమిటెడ్ అంటే ఢోకా లేదనుకుంటారు.

అడగడానికి ఇదే సమయం. ఆయనకు నువ్వు గుర్తున్నావు, ఇంకో నెల పోతే మర్చిపోతారు.

పాతకాపు
అడిగే ముందు ఒకటి చూసుకో. ఆ ఉద్యోగానికి నువ్వు నేరుగా అప్లై చేశావా? చాలా కంపెనీల సిస్టంలో ముందే అప్లై చేసినవాడిని తర్వాత రిఫరల్‌గా లెక్కలోకి తీసుకోరు. చేయకపోయి ఉంటే ఆగు, ముందు ఆయన్ని అడుగు. నీ మెసేజ్ డ్రాఫ్టు ఇక్కడ పెట్టు.

నీలిమేఘం
అప్లై చేయలేదన్నా. డ్రాఫ్టు, తెలుగులో భావం రాస్తున్నాను:

"నమస్తే సర్. నేను ఇటీవలే మాస్టర్స్ పూర్తి చేసిన ఉత్సాహవంతుడైన బ్యాకెండ్ ఇంజనీర్‌ని. జావా, పైథాన్, గో, పోస్ట్‌గ్రెస్, కాఫ్కా, కుబెర్నెటీస్‌లో అనుభవం ఉంది. మీ కంపెనీలో పని చేయాలన్నది నా కల. దయచేసి సరిపోయే ఏ ఉద్యోగానికైనా నన్ను రిఫర్ చేయగలరు. రెజ్యూమె జతచేశాను."

పాతకాపు
ఇది ఎవరికైనా పంపగలిగే మెసేజ్. మీ ఇద్దరి మధ్య నడిచిన సంభాషణ ఒక్క ముక్క కూడా ఇందులో లేదు. "ఏ ఉద్యోగానికైనా" అంటే వెతికే పని కూడా ఆయన నెత్తిన పెట్టినట్టు. నేనైతే ఇలా రాస్తాను:

"నమస్తే. వాక్యూం రాతలో ఐసొలేషన్ గురించి మీరడిగిన ప్రశ్న వల్ల అందులో ఒక భాగం కొత్తగా చేరింది, థాంక్స్. మీ కంపెనీలో బ్యాకెండ్ ఇంజనీర్ ఉద్యోగం ఒకటి చూశాను, నంబరు ఇదిగో. ప్రకటనలో పోస్ట్‌గ్రెస్ మీద నడిచే పనుల వ్యవస్థ గురించి ఉంది, నేను ఈమధ్య చేసింది అదే. మీరు చూసిన పని ఆధారంగా నన్ను రిఫర్ చేయడం సబబనిపిస్తే, ఫారంలో వాడుకోవడానికి మూడు వాక్యాలు కింద రాశాను. కాదనిపిస్తే ఏమీ అనుకోను, ఆ టీము పని ఎలాంటిదో ఒక మాట చెప్పినా చాలు."

కింద ఆ మూడు వాక్యాలు: పోస్ట్‌గ్రెస్ క్యూ నెమ్మదించడానికి కారణం కనిపెట్టి, ఎవరైనా మళ్లీ నడిపి చూసుకునేలా స్క్రిప్టుతో ప్రచురించాడు. ఫలానా లైబ్రరీ ఇష్యూలో వాడుకరికి సమస్య తేల్చుకోవడంలో సాయపడ్డాడు. నేనడిగిన ప్రశ్నకు ఊహించి జవాబివ్వకుండా పరీక్షించి చెప్పాడు.

మూడో వాక్యాన్ని నువ్వు ఆయన తరఫున రాయడం కొంచెం ఇబ్బందిగా అనిపిస్తే మొదటి రెండూ పంపు. మూడోది ఆయనే రాసుకుంటాడు. అన్నిటికన్నా బరువున్నది అదే.

నీలిమేఘం
మొదటి రెండే పంపుతానన్నా. వీసా సంగతి మెసేజ్‌లో చెప్పాలా? ఓపీటీ ఏడాది, ఆ తర్వాత స్టెమ్ పొడిగింపు 24 నెలలు ఉంది. దానికి కంపెనీ ఈ-వెరిఫైలో ఉండాలి. ఆ తర్వాత హెచ్1బీ స్పాన్సర్‌షిప్ కావాలి.

పాతకాపు
చెప్పు. ఒక్క వాక్యం. "ఇప్పుడే పని మొదలుపెట్టడానికి అనుమతి ఉంది, తర్వాత స్పాన్సర్‌షిప్ అవసరమవుతుంది." స్పాన్సర్ చేయని కంపెనీ అయితే ఆయన అప్పుడే చెప్పేస్తాడు, ఇద్దరికీ టైం మిగులుతుంది.

తెరచాప
నేను ఒప్పుకోను. అప్లికేషన్ ఫారంలో ఆ ప్రశ్న ఎలాగూ ఉంటుంది, అక్కడ నిజం చెప్పాలి, అందులో రెండో మాట లేదు. కానీ రిఫర్ చేసే ఇంజనీర్‌కి తన కంపెనీ స్పాన్సర్‌షిప్ విధానం చాలాసార్లు సరిగ్గా తెలియదు. ఆ వాక్యం చూసి "మావాళ్లు చేయరేమో" అని తనే అనుకుని ఆగిపోతాడు. ఉద్యోగ ప్రకటనలో "స్పాన్సర్ చేయం" అని లేకపోతే మెసేజ్‌లో ఎత్తను. అడిగితే మాత్రం దాచకుండా చెప్తాను.

పాతకాపు
ఆ ప్రమాదం ఉంది, నిజమే. అయినా నేనైతే ముందే వినడానికి ఇష్టపడతాను. నాకు తెలియకపోతే రిక్రూటర్‌ని అడిగి చెప్తాను. అందరూ అలా అడగరనుకో.

సోల్డర్‌పొగ
ఇక్కడ నాకు పరిచయం ఉన్న ఇద్దరు ఇంజనీర్లు కూడా ఇదే విషయంలో చెరోమాట చెప్పారు. పర్మిట్ సంగతి రెజ్యూమెలోనే రాయమన్నారొకరు, వద్దన్నారింకొకరు.

రోజుకోపోస్టు
పచ్చ పట్టీ గురించి ఎవరూ చెప్పలేదు. పెట్టాలా వద్దా?

తెరచాప
నాకు అభ్యంతరం లేదు. ఉద్యోగం వెతుక్కోవడం దాచాల్సిన విషయమేం కాదు. కొందరు మేనేజర్లు దాన్ని చిన్నచూపు చూస్తారని విన్నాను, మా టీములో అలాంటిది చూడలేదు. రిక్రూటర్లకు మాత్రమే కనపడేలా కూడా పెట్టుకోవచ్చు. ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఆ పద్ధతి వాడండి. కాకపోతే సొంత కంపెనీవాళ్లకు కనపడదన్న పూర్తి హామీ అక్కడా లేదు.

కొత్తపిచ్చుక
నేనూ ఓపీటీలోనే ఉన్నాను. ఇదంతా చేయడానికి నెలలు పడుతుంది కదండీ. ఒక టెలిగ్రామ్ గ్రూపులో డబ్బు కడితే పెద్ద కంపెనీల్లో రిఫరల్ ఇప్పిస్తామంటున్నారు. ఎవరైనా వాడారా?

పాతకాపు
వద్దమ్మా. రిఫరల్ అమ్ముకున్న ఉద్యోగి దొరికితే అతని ఉద్యోగం పోతుంది, అతని ద్వారా వచ్చిన అప్లికేషన్లన్నీ అనుమానంలో పడతాయి. ఆ ఫారంలో "ఎలా తెలుసు" అన్నచోట అబద్ధమే రాయాలి, దాని మీద మీ పేరుంటుంది. పైగా మీ రెజ్యూమె, ఫోన్ నంబరు, వీసా వివరాలు ఎవరి చేతిలో పడ్డాయో కూడా తెలియదు.

టైం పడుతుందన్నది నిజం. అందుకే అప్లై చేయడం ఆపొద్దు, రెండూ పక్కపక్కనే నడవాలి. రాయడానికి కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టకండి. నీలిమేఘం లాగా ఇప్పటికే చేసినవాటిలో కష్టపెట్టినదాన్ని బయటికి తీస్తే వారాంతాల్లో అయిపోతుంది. మీరేం చేశారో చెప్పండి, చూద్దాం.

కొత్తపిచ్చుక
ఫ్రంటెండ్ అండి. ఒక ఫారం పేజీ స్క్రీన్ రీడర్‌తో పనిచేసేలా చేయడానికి చాలా కష్టపడ్డాను. కానీ అది ఇంటర్న్‌షిప్‌లో చేసిన పని.

తెరచాప
ఇంటర్న్‌షిప్ కోడ్ ముట్టుకోకు. అదే రకం ఫారం నీ సొంతంగా ఒక పేజీలో కట్టు. తప్పు ఉన్నప్పుడు స్క్రీన్ రీడర్ ఏం చదువుతుంది, సరిచేశాక ఏం చదువుతుంది, రెండూ రికార్డు చేసి పెట్టు. వినగానే తేడా తెలిసే పని అది. ఎన్‌వీడీఏ ఉచితం, దాంతో మొదలుపెట్టు. నీకంటూ ఇంకో థ్రెడ్ తెరువు, అక్కడ మాట్లాడదాం.

నీలిమేఘం
అప్‌డేట్. మెసేజ్ పంపాను, వీసా వాక్యం కూడా పెట్టాను. సారీ అక్కా, నాకు అదే మనసుకు తేలికగా అనిపించింది. ఆయన మర్నాడే జవాబిచ్చారు. స్పాన్సర్‌షిప్ సంగతి తనకు తెలియదని చెప్పి, కంపెనీ స్పాన్సర్ చేస్తుందని రిక్రూటర్‌ని అడిగి తెలుసుకుని, రిఫరల్ లింకు పంపారు. ఆ లింకు ద్వారానే అప్లై చేశాను. వచ్చే వారం రిక్రూటర్‌తో ఫోన్ కాల్ ఉంది.

ఒక సందేహం. కాల్‌లో ఆ రాత గురించి నేనే ఎత్తాలా, వాళ్లు అడిగేదాకా ఆగాలా?

తెరచాప
సారీ ఎందుకు, పని జరిగింది కదా. రిక్రూటర్‌కు వాక్యూం వివరాలు చెప్పకు, ఆ కాల్‌లో వాళ్లకు అది అక్కర్లేదు. "ఫలానా ఆయన రిఫర్ చేశారు, పోస్ట్‌గ్రెస్ సమస్య మీద మా పరిచయం" అని ఒక్క వాక్యం చాలు. టెక్నికల్ రౌండులో ఇంజనీర్ రెజ్యూమె మీద లింకు చూసి అదే అడిగే అవకాశం ఎక్కువ. అప్పుడు ఆటోవాక్యూం గురించి తవ్వుతారు. డిఫాల్ట్‌గా టేబుల్‌లో సుమారు 20 శాతం వరుసలు చస్తే గానీ అది కదలదు, క్యూ టేబుల్‌కి ఆ అంకె ఎందుకు తగ్గిస్తారో, తగ్గించినా నీ సమస్య ఎందుకు పోదో చెప్పడం సాధన చెయ్యి.

నీలిమేఘం
తగ్గించినా పోదు, ఎందుకంటే వాక్యూం తిరిగినా పొడుగు ట్రాన్సాక్షన్ ఉన్నంతసేపు వాటిని తీయలేదు. ఊరికే మళ్లీ మళ్లీ తిరుగుతుంది, అంతేనా అక్కా?

తెరచాప
అంతే. మరి రిపోర్టుని ఏం చేశావని అడుగుతారు. దానికి నీ జవాబేంటి?

నీలిమేఘం
ఇప్పటికి రిపోర్టుని రోజుల వారీగా ముక్కలు చేసి చిన్న ట్రాన్సాక్షన్లుగా నడుపుతున్నాను. అప్పుడు అన్ని లెక్కలూ ఒకే క్షణానివి అన్న హామీ పోతుంది. రిపోర్టుకి వేరే రెప్లికా పెట్టాలా అని ఆలోచిస్తున్నాను.

పాతకాపు
రెప్లికాలో `hot_standby_feedback` ఆన్‌లో ఉంటే ఆ పొడుగు క్వెరీ ప్రైమరీ మీద కూడా అదే ప్రభావం చూపిస్తుంది. ఆఫ్‌లో ఉంటే క్వెరీయే మధ్యలో రద్దయిపోవచ్చు. రెండూ నడిపి చూడు, రెండో రాతకు సరుకు అదే. కాల్ అయ్యాక ఏమైందో ఇక్కడ చెప్పు.